ఒక చోటి నుంచి మరో చోటికి దిక్సూచి బేరింగ్ లెక్కకట్టడం: విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా పూర్తి ఉదాహరణ

రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు చేతిలో ఉన్నాయి. మొదటి చోట నిలబడితే రెండోది ఏ దిక్కున ఉంటుంది? "ఆగ్నేయం" అంటే సరిపోదు, డిగ్రీల్లో కావాలి. ఆ లెక్కను మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో పది నిమిషాల్లో ఎలా చేయాలో, ఎక్కడెక్కడ తప్పుతుందో, తప్పిందని ఎలా పసిగట్టాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం.

ఉదాహరణకు విశాఖపట్నం రేవు బయటి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు గీసే గీతను తీసుకుందాం. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చింది ఈ ఊరికే. దూరం ఎక్కువ కాబట్టి, చిన్న దూరాల్లో కనపడని తేడాలన్నీ ఇందులో బయటపడతాయి.

## 1. ముందు ఏ బేరింగ్ కావాలో తేల్చుకోండి

బేరింగ్ అంటే ఉత్తరాన్ని 0°గా పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు కొలిచే కోణం. తూర్పు 90°, దక్షిణం 180°, పడమర 270°. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కంతా "పోర్ట్ బ్లెయిర్‌కు బేరింగ్ ఎంత?" అనే ఒక్క ప్రశ్నకు మూడు సరైన జవాబులు ఉండటంలో ఉంది.

- తొలి బేరింగ్: భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అన్నిటికన్నా దగ్గరి దారి ఒక మహావృత్తం మీద, అంటే భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తం మీద పోతుంది. ఆ దారి బయలుదేరే చోట ఏ దిక్కుకు మొదలవుతుందో చెప్పే కోణం ఇది. దారి పొడవునా ఇది మెల్లగా మారుతూ ఉంటుంది.
- స్థిర బేరింగ్: మొదటి నుంచి చివరి దాకా దిక్సూచి మీద ఒకే అంకె పట్టుకుని పోతే గమ్యం చేరే కోణం.
- అయస్కాంత బేరింగ్: పై రెండింటిలో ఏదో ఒకదాన్ని దిక్సూచి ముల్లు చూపించే ఉత్తరానికి సర్దిన అంకె.

యాంటెన్నాను తిప్పాలన్నా, మ్యాపింగ్ ప్రోగ్రాం రాయాలన్నా, ఎదురుగా కనిపించే కొండ ఏదో తేల్చుకోవాలన్నా తొలి బేరింగ్ కావాలి. పడవ నడపాలంటే స్థిర బేరింగ్ కావాలి. చేతిలో దిక్సూచి ఉంటే చివరి సర్దుబాటు తప్పదు. ఏది కావాలో కాగితం మీద పైన రాసుకుని లెక్క మొదలుపెట్టండి. వచ్చిన అంకెలు మ్యాప్‌తో కలవడం లేదని అడిగేవాళ్లలో చాలామంది లెక్క తప్పు చేయడం లేదు, ఒక ప్రశ్నకు మరో ప్రశ్న జవాబు తెచ్చుకుంటున్నారు.

## 2. అంకెలు సిద్ధం చేయడం

మన రెండు చోట్లు, డిగ్రీలు, నిమిషాల్లో:

- మొదటి చోటు (విశాఖ రేవు బయట): 17° 41′ ఉత్తరం, 83° 18′ తూర్పు
- రెండో చోటు (పోర్ట్ బ్లెయిర్): 11° 40′ ఉత్తరం, 92° 45′ తూర్పు

వీటిని దశాంశ డిగ్రీల్లోకి మార్చాలి. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. సెకన్లు కూడా ఉంటే వాటిని 3600తో భాగించి కలపాలి.

- 17 + 41/60 = 17.6833
- 83 + 18/60 = 83.3000
- 11 + 40/60 = 11.6667
- 92 + 45/60 = 92.7500

17° 41′ను 17.41 అని రాసేయడం అతి మామూలుగా జరిగే తప్పు. నిజమైన విలువకు, దీనికి 0.27 డిగ్రీల తేడా. నేల మీద అది 30 కిలోమీటర్లు. రెండు చోట్లా ఇదే తప్పు చేస్తే ఇంకా ప్రమాదం. మన ఉదాహరణలో నాలుగు అంకెల్నీ అలాగే తప్పు రాస్తే బేరింగ్ అర డిగ్రీ కూడా మారదు. జవాబు చూడటానికి బాగానే ఉంటుంది కాబట్టి తప్పు దొరకదు. దాన్ని ఇక్కడే, ఈ మెట్టు మీదే పట్టుకోవాలి.

లెక్కలోకి దిగేముందు ఇవి సరిచూసుకోండి:

- [ ] అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత ఉన్నాయా? విశాఖ దగ్గర ఏ చోటైనా 17తోనో 18తోనో మొదలై, తర్వాత 82, 83 రావాలి. కొన్ని మ్యాపు ఫైళ్లలో, ముఖ్యంగా GeoJSONలో, రేఖాంశమే ముందు వస్తుంది. తారుమారైతే విశాఖ కాస్తా స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.
- [ ] దక్షిణ అక్షాంశాలకు, పడమటి రేఖాంశాలకు మైనస్ గుర్తు పెట్టారా? మన ఉదాహరణలో అన్నీ ప్లస్సే.
- [ ] రెండు జతలూ ఒకే డేటమ్‌లో, అంటే అక్షాంశ రేఖాంశాలు కొలవడానికి ఆధారంగా తీసుకున్న ఒకే భూమి నమూనాలో ఉన్నాయా? ఫోన్, జీపీఎస్ ఇచ్చేవి WGS84లో ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి. ఒకటి ఫోన్ నుంచి, ఒకటి పాత షీటు నుంచి తీసుకోవద్దు.
- [ ] కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందా? `sin 30` కొడితే 0.5 రావాలి. మరేది వచ్చినా ముందు మోడ్ మార్చండి.

## 3. చిత్తు లెక్క: జవాబు ఎక్కడ ఉండాలో ముందే తెలుసుకోండి

అసలు సూత్రం జోలికి వెళ్లకముందే జవాబు ఏ మూలన పడాలో తెలిసి ఉండాలి. రెండు తీసివేతలు చాలు.

- అక్షాంశాల తేడా = 11.6667 − 17.6833 = −6.0167
- రేఖాంశాల తేడా = 92.7500 − 83.3000 = +9.4500

ఎప్పుడూ గమ్యంలోంచి బయలుదేరే చోటును తీసేయాలి. అక్షాంశాల తేడా మైనస్ వచ్చిందంటే దక్షిణానికి పోతున్నాం. రేఖాంశాల తేడా ప్లస్ వచ్చిందంటే తూర్పుకు పోతున్నాం. అంటే ఆగ్నేయ మూల, 90°కీ 180°కీ మధ్య. దక్షిణం కన్నా తూర్పు వైపు ఎక్కువ జరుగుతున్నాం కాబట్టి 135° కన్నా తక్కువే ఉండాలి.

కాగితం మీద "90–135" అని రాసి చుట్టూ గుండ్రం గీయండి. చివర్లో ఏ అంకె వచ్చినా ముందు ఈ గుండ్రంలో పడిందో లేదో చూడాలి.

## 4. అసలు లెక్క: తొలి బేరింగ్

సూత్రంలో రెండు భాగాలున్నాయి. `y` తూర్పు-పడమర వైపు జరుగుబాటును, `x` ఉత్తర-దక్షిణ వైపు జరుగుబాటును చూపిస్తాయి.

```
y = sin(dλ) × cos(φ2)
x = cos(φ1) × sin(φ2) − sin(φ1) × cos(φ2) × cos(dλ)
θ = atan2(y, x)
```

ఇక్కడ φ1 బయలుదేరే చోటి అక్షాంశం, φ2 గమ్యం అక్షాంశం, dλ రేఖాంశాల తేడా. రేఖాంశాలు విడివిడిగా ఎక్కడా రావు, వాటి తేడా మాత్రమే వస్తుంది.

ముందు ఆరు విలువలు తీసి వరసగా రాసుకోండి. ఒకేసారి మొత్తం కాలిక్యులేటర్‌లో కొట్టాలని చూస్తే ఏదో ఒక బ్రాకెట్ జారిపోతుంది, ఎక్కడ జారిందో తెలియదు.

- sin(17.6833) = 0.303756
- cos(17.6833) = 0.952750
- sin(11.6667) = 0.202218
- cos(11.6667) = 0.979341
- sin(9.45) = 0.164187
- cos(9.45) = 0.986429

ఇప్పుడు `y`:

0.164187 × 0.979341 = 0.160795

`x`ను రెండు ముక్కలుగా చేయండి. మొదటి ముక్క:

0.952750 × 0.202218 = 0.192663

రెండో ముక్క:

0.303756 × 0.979341 × 0.986429 = 0.293443

మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే:

0.192663 − 0.293443 = −0.100780

ఈ తీసివేత దగ్గర ఒక్క క్షణం ఆగండి. దగ్గర దగ్గర విలువలున్న రెండు అంకెలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తున్నాం. ముందు మెట్లలో మూడు దశాంశాలకే కుదించి ఉంటే ఆ తప్పంతా ఇక్కడ పెద్దదై కూర్చుంటుంది. చోట్లు ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువగా బాధిస్తుంది. అందుకే మధ్యలో కనీసం ఆరు దశాంశాలు ఉంచుకోవాలి, కుదింపు చివర్లోనే చేయాలి.

గుర్తులు కూడా చూడండి. `y` ప్లస్, అంటే తూర్పు. `x` మైనస్, అంటే దక్షిణం. చిత్తు లెక్కతో కలిసింది.

## 5. కోణాన్ని బేరింగ్‌గా మార్చడం: అందరూ జారే మెట్టు

0.160795ను −0.100780తో భాగించి `tan⁻¹` నొక్కితే −57.92 వస్తుంది. దానికి 360 కలిపితే 302.08°. అది వాయవ్యం! పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లాల్సిన గీత మధ్య భారతం వైపు తిరిగింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, భాగహారం చేయగానే ఏది మైనసో సమాచారం పోతుంది. తూర్పు-దక్షిణమైనా, పడమర-ఉత్తరమైనా భాగహారం జవాబు ఒక్కటే. `tan⁻¹`కు ఈ రెండింటినీ విడదీసే దారి లేదు. `atan2` రెండు అంకెలనూ విడివిడిగా తీసుకుంటుంది కాబట్టి మూల సరిగ్గా చెబుతుంది.

కాలిక్యులేటర్‌లో `atan2` మీట ఉండదు. రెండు మార్గాలున్నాయి.

మొదటి మార్గం, చేత్తో సర్దడం. గుర్తులు వదిలేసి tan⁻¹(0.160795 ÷ 0.100780) కట్టండి. 57.92° వస్తుంది. తర్వాత మూలను బట్టి:

- ఈశాన్యం (x ప్లస్, y ప్లస్): వచ్చిన కోణమే బేరింగ్
- ఆగ్నేయం (x మైనస్, y ప్లస్): 180 − కోణం
- నైరుతి (x మైనస్, y మైనస్): 180 + కోణం
- వాయవ్యం (x ప్లస్, y మైనస్): 360 − కోణం

మనది ఆగ్నేయం. 180 − 57.92 = 122.08°. గుండ్రంలో రాసుకున్న 90–135 మధ్యే పడింది.

రెండో మార్గం, `Pol` మీట. కాసియో సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో ఇది ఉంటుంది. `Pol(−0.100780, 0.160795)` అని, `x` ముందు, `y` తర్వాత కొట్టండి. రెండు జవాబులు వస్తాయి: `r` 0.1898, `θ` 122.08. పాత MS మోడళ్లలో తెర మీద `r` ఒక్కటే కనిపిస్తుంది, `RCL` `F` నొక్కితే కోణం వస్తుంది. కోణం మైనస్ వస్తే 360 కలపాలి. మూల సర్దుబాటు కాలిక్యులేటరే చేసేస్తుంది కాబట్టి చేత్తో లెక్కకట్టేవాళ్లకు ఈ దారే మేలు.

## 6. స్ప్రెడ్‌షీట్‌లో, పైథాన్‌లో

పైథాన్‌లో:

```python
from math import radians, degrees, sin, cos, atan2

def bearing(lat1, lon1, lat2, lon2):
    p1, p2 = radians(lat1), radians(lat2)
    dl = radians(lon2 - lon1)
    y = sin(dl) * cos(p2)
    x = cos(p1) * sin(p2) - sin(p1) * cos(p2) * cos(dl)
    return (degrees(atan2(y, x)) + 360) % 360

print(bearing(17 + 41/60, 83 + 18/60, 11 + 40/60, 92 + 45/60))
```

122.08 దగ్గరి అంకె రావాలి.

ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ A2, B2లలో మొదటి చోటి అక్షాంశ రేఖాంశాలు, C2, D2లలో రెండో చోటివి పెట్టుకుని:

```
=MOD(DEGREES(ATAN2(
 COS(RADIANS(A2))*SIN(RADIANS(C2))
 -SIN(RADIANS(A2))*COS(RADIANS(C2))*COS(RADIANS(D2-B2)),
 SIN(RADIANS(D2-B2))*COS(RADIANS(C2)))),360)
```

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పైథాన్ `atan2`కు `y` ముందు ఇవ్వాలి. స్ప్రెడ్‌షీట్ `ATAN2`కు `x` ముందు ఇవ్వాలి. ఒకదాన్నుంచి మరోదానికి కాపీ చేసుకున్నప్పుడు ఈ వరస తారుమారైతే మన ఉదాహరణకు 327.92° వస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, అంకె మాత్రం పూర్తిగా తప్పు. గుర్తుపట్టే ఉపాయం ఏమిటంటే, తప్పు అంకెనూ సరైన అంకెనూ కలిపితే 90 గానీ 450 గానీ వస్తుంది. ఇక్కడ 327.92 + 122.08 = 450. మీ జవాబును 450లోంచి తీసేస్తే చిత్తు లెక్కకు సరిపోయే అంకె వస్తుంటే, వరసే తప్పిందన్నమాట.

## 7. తిరుగు బేరింగ్ అంటే 180 కలపడం కాదు

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు బేరింగ్ ఎంత? 122.08 + 180 = 302.08 అనిపిస్తుంది. రెండు చోట్లనూ తారుమారు చేసి అదే సూత్రంతో కడితే 304.48° వస్తుంది. ఇదే సరైనది.

తేడా 2.4 డిగ్రీలు. రేఖాంశ గీతలన్నీ ధ్రువం దగ్గర కలుస్తాయి కాబట్టి విశాఖలో నిలబడి చూసే ఉత్తరమూ పోర్ట్ బ్లెయిర్‌లో నిలబడి చూసే ఉత్తరమూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. ఎంత తేడా వస్తుందో ఉజ్జాయింపుగా కట్టొచ్చు: రేఖాంశాల తేడాను సగటు అక్షాంశం సైన్‌తో గుణించాలి. 9.45 × sin(14.675) = 2.39. సరిపోయింది.

గమ్యం చేరేటప్పుడు దారి ఏ దిక్కున ఉంటుందో కూడా దీన్నుంచే తెలుస్తుంది. 304.48 − 180 = 124.48°. అంటే మహావృత్తం దారి విశాఖ దగ్గర 122°తో మొదలై పోర్ట్ బ్లెయిర్ దగ్గర 124.5°తో ముగుస్తుంది.

## 8. ఒకే అంకె పట్టుకుని పోవాలంటే

ఇక్కడే నష్టం జరిగేది. 122.08° చూసుకుని, చుక్కాని అదే అంకె మీద కట్టేసి, మొత్తం 1,216 కిలోమీటర్లు పోతే పోర్ట్ బ్లెయిర్ రాదు. దానికి ఈశాన్యాన సుమారు 27 కిలోమీటర్ల దూరంలో తేలతారు. తొలి బేరింగ్ పేరులోనే ఉంది, అది తొలి క్షణానికి చెందిన అంకె.

ఒకే అంకె మీద పోవడానికి స్థిర బేరింగ్ కావాలి. ఈ అక్షాంశాల్లో, ఇంత దూరానికి, సగటు అక్షాంశం పద్ధతి చాలు:

1. సగటు అక్షాంశం: (17.6833 + 11.6667) ÷ 2 = 14.675
2. దాని కొసైన్: cos(14.675) = 0.9674
3. రేఖాంశాల తేడాను దీనితో కుదించాలి: 9.45 × 0.9674 = 9.142
4. అక్షాంశాల తేడాతో భాగించాలి: 9.142 ÷ 6.0167 = 1.5194
5. tan⁻¹(1.5194) = 56.65°
6. ఆగ్నేయం కాబట్టి 180 − 56.65 = 123.35°

మెర్కేటర్ సూత్రంతో కచ్చితంగా కడితే 123.36° వస్తుంది. రెండూ ఒకటే అనుకోవచ్చు. తొలి, చివరి బేరింగుల సగటు 123.28కి కూడా దగ్గరే ఉంది చూడండి. ఈ సగటు మంచి సరిచూపు.

మహావృత్తం దారి దగ్గరిది కదా, స్థిర దారిలో పోతే ఎంత నష్టం? ఈ ఉదాహరణలో వంద మీటర్ల లోపే. పన్నెండు వందల కిలోమీటర్లలో వంద మీటర్లంటే లెక్కలోకి రాదు. బంగాళాఖాతం భూమధ్యరేఖకు దగ్గర కావడం వల్ల ఈ సౌకర్యం. అట్లాంటిక్ ఉత్తర భాగంలో ఇంత తేలిగ్గా వదిలేయడానికి వీల్లేదు.

## 9. నిజ ఉత్తరం నుంచి దిక్సూచి అంకెకు

ఇప్పటిదాకా వచ్చినవన్నీ నిజ ఉత్తరం నుంచి కొలిచినవి. దిక్సూచి ముల్లు అయస్కాంత ఉత్తరాన్ని చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య కోణమే దిక్పాతం. విశాఖ ప్రాంతంలో ఇది సుమారు ఒక డిగ్రీ, పడమర వైపు. ఏటా కొద్దికొద్దిగా మారుతుంది. కాబట్టి నాటికల్ చార్టు మీద దిక్కులు చూపించే చక్రం, కంపాస్ రోజ్ చూసి, దానిమీద రాసిన ఏటా మార్పును ఈ సంవత్సరానికి సర్దుకోవాలి, లేదా ప్రపంచ అయస్కాంత నమూనా (WMM) కాలిక్యులేటర్లో ఆ రోజు తేదీ ఇచ్చి తీసుకోవాలి.

దిక్పాతం పడమరకు ఉంటే కలపాలి, తూర్పుకు ఉంటే తీసేయాలి. గుర్తులేకపోతే ఇలా ఆలోచించండి: ముల్లు పడమరకు ఒరిగి ఉంది, అంటే కొలత మొదలయ్యే చోటే ఎడమకు జరిగింది. అక్కడి నుంచి కొలిస్తే ప్రతి అంకె ఒక డిగ్రీ పెరుగుతుంది.

దిక్పాతం 1° పడమర అనుకుంటే: 123.4 + 1 = 124.4°. దిక్సూచి మీద పట్టుకోవాల్సింది ఇది.

ఫోన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఐఫోన్ కంపాస్ సెట్టింగులలో `Use True North` అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫోన్ తానే సర్దేసి నిజ ఉత్తరం చూపిస్తుంది. దానిమీద మళ్లీ మీరు కలిపితే అదే సర్దుబాటు రెండుసార్లు జరిగినట్టు.

ఇంజిన్, లంగరు, ఇనప గొలుసు, ఫోన్ స్పీకరు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు పక్కన ఉన్నా ముల్లు పక్కకు లాగుతుంది. పడవ తిరిగే దిక్కును బట్టి ఈ లాగుడు మారుతుంది కాబట్టి ఒకే అంకె కలిపి సర్దడం కుదరదు. పడవలో బిగించిన దిక్సూచికి దిక్కుదిక్కుకూ తేడా రాసిన పట్టిక ఉండాలి. చేతి దిక్సూచి అయితే ఇనుముకు నాలుగడుగులు దూరం జరిగి మళ్లీ చూడండి. అంకె మారిందంటే మొదటి చూపు పనికిరాదు.

## 10. దగ్గరి దూరాలు: ఆర్కే బీచ్ నుంచి భీమిలి

ఊళ్లో, తీరం వెంట, ట్రెక్కింగ్‌లో ఇంత పెద్ద సూత్రం అవసరం లేదు. ఎనిమిదో మెట్టులోని సగటు అక్షాంశం పద్ధతి ఒక్కటీ చాలు.

ఆర్కే బీచ్ 17.714, 83.324 అనీ, భీమిలి 17.890, 83.455 అనీ తీసుకుందాం. అక్షాంశాల తేడా +0.176, రేఖాంశాల తేడా +0.131, అంటే ఈశాన్యం. సగటు అక్షాంశం 17.802, దాని కొసైన్ 0.9521. 0.131 × 0.9521 = 0.1247. దాన్ని 0.176తో భాగిస్తే 0.7087. tan⁻¹ తీస్తే 35.3°. ఈశాన్యం కాబట్టి అదే బేరింగ్. పెద్ద సూత్రంతో కట్టినా పదో వంతు డిగ్రీ కూడా మారదు.

కొసైన్‌తో గుణించడం మరచిపోతే 36.7° వస్తుంది. ఒకటిన్నర డిగ్రీ లోపే కదా అనిపించొచ్చు, కానీ 24 కిలోమీటర్ల దూరంలో అది అర కిలోమీటరు పైన పక్కకు తీసుకెళుతుంది. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం ఒక డిగ్రీ అక్షాంశం కన్నా సుమారు ఐదు శాతం పొట్టి. ఆ ఐదు శాతమే ఈ తేడా.

దూరం మరీ తక్కువైతే చిక్కు మరో వైపు నుంచి వస్తుంది. ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూఇటూ చూపించిందనుకోండి. గమ్యం అర కిలోమీటరు దూరంలో ఉంటే బేరింగ్‌లో అర డిగ్రీ పైన తప్పు. యాభై మీటర్ల దూరంలో ఉంటే ఆరు డిగ్రీల దాకా తప్పు. అప్పుడు సూత్రం ఎంత మంచిదైనా లాభం లేదు. రెండు చోట్ల మధ్య దూరం పెంచుకోవాలి, లేదా ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు నిలబడి వచ్చిన కొలతల సగటు తీసుకోవాలి.

## 11. జవాబు తప్పితే ఇలా వెతకండి

- సరిగ్గా 180° తేడా: `atan2` బదులు మామూలు `tan⁻¹` వాడారు, లేదా గమ్యాన్ని బయలుదేరే చోటులోంచి తీసేశారు.
- 450లోంచి, లేదా 90లోంచి తీసేస్తే సరిపోతుంది: `x`, `y` తారుమారయ్యాయి.
- ఏ మూలకూ పొంతన లేదు: డిగ్రీలకు బదులు రేడియన్లు, లేదా అక్షాంశం స్థానంలో రేఖాంశం.
- ఒకటి రెండు డిగ్రీల తేడా: కొసైన్ మరచిపోయారు, లేదా దిక్పాతం గుర్తు తిరగబడింది, లేదా తొలి బేరింగ్‌ను స్థిర బేరింగ్‌తో పోలుస్తున్నారు.
- మైనస్ కోణం: తప్పేమీ లేదు, 360 కలపండి.

## 12. ఈ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు

122.08 అని రెండు దశాంశాలు రాసుకున్నది లెక్క సరిచూసుకోవడానికే. ఈ సూత్రం భూమిని నున్నని గోళంగా తీసుకుంటుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంది. మన ఉదాహరణలో దానివల్ల సుమారు 0.17 డిగ్రీల తేడా వస్తుంది. అంత దూరంలో అది మూడున్నర కిలోమీటర్లు. అంతకన్నా కచ్చితంగా కావాలంటే పైథాన్‌లో `geographiclib` పెట్టుకుని `Geodesic.WGS84.Inverse` వాడండి. అందులో `azi1` అనేది తొలి బేరింగ్, `azi2` గమ్యం దగ్గరి బేరింగ్. చేతి దిక్సూచితో ఒక డిగ్రీని నమ్మకంగా చదవడమే కష్టం కాబట్టి దానికి 124° అని రాసుకుంటే చాలు.

గీత నేలను చూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పోర్ట్ బ్లెయిర్ రేవు దక్షిణ అండమాన్ దీవికి తూర్పు ఒడ్డున ఉంది. విశాఖ నుంచి వచ్చే గీత పడమటి ఒడ్డున నేలెక్కి, దీవిని దాటుకుని రేవు చేరుతుంది. ఓడ అలా పోలేదు, దీవుల మధ్య జలసంధి గుండానో చుట్టూ తిరిగో రావాలి. అందుకని పడవకు దారి గీసేటప్పుడు దారిని ముక్కలుగా విడగొట్టి, మలుపు తిరిగే ప్రతి చోటు అక్షాంశ రేఖాంశాలు చార్టు నుంచి తీసి, ఒక్కో ముక్కకు విడిగా స్థిర బేరింగ్ కట్టాలి.